వయసు చెప్పగానే నంబరు చెప్పేస్తారా? చత్వారం అద్దాలపై అపోహలు - వాస్తవాలు

కంటి పరీక్షకు వచ్చేవారిలో రోజుకు ఒకరైనా ఈ మాట అంటారు: “నాకు యాభై దాటాయండీ, రెండో నంబరు పడుతుందట కదా!” ఎవరు చెప్పారని అడిగితే పక్కింటాయన అంటారు, లేదా అద్దాల షాపులో కుర్రాడు అంటారు. పరీక్ష మొదలు కాకముందే నంబరు ఖాయమైపోయి ఉంటుంది. ఈ నమ్మకం వల్ల డబ్బులు పోగొట్టుకున్నవారిని, తలనొప్పి తెచ్చుకున్నవారిని ఇన్నేళ్లలో లెక్కలేనంతమందిని చూశాను. అందుకే మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని సంగతి.

అపోహ: యాడ్ పవర్, అంటే దగ్గర చూపు కోసం దూరం పవర్‌కు కలిపే పవర్, వయసును బట్టి ఉంటుంది.

వాస్తవం: వయసు చెప్పేది సగం లెక్కే. దగ్గరి వస్తువును చూడటానికి కంటికి ఎంత సర్దుబాటు శక్తి మిగిలి ఉందో వయసును బట్టి ఊహించవచ్చు. ఎంత శక్తి కావాలో మాత్రం మీరు చూసే వస్తువు దూరమే చెబుతుంది. ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని ఒకటిని దానితో భాగిస్తే కావలసిన శక్తి డయాప్టర్లలో వస్తుంది. అద్దాల నంబరును కొలిచేదీ ఈ డయాప్టర్లలోనే. 40 సెంటీమీటర్ల దగ్గర చదవాలంటే రెండున్నర, 50 దగ్గరైతే రెండు చాలు. కావలసినదానికి, కన్ను తనంతట తాను హాయిగా ఇవ్వగలిగినదానికి మధ్య ఉన్న లోటును పూడ్చేదే యాడ్.

‘హాయిగా’ అన్నమాట ఊరికే అనలేదు. మిగిలిన శక్తి మొత్తాన్ని గంటల తరబడి వాడితే కన్ను అలసిపోతుంది. అందుకని అందులో సగమే ఖర్చుపెట్టి, సగం చేతిలో ఉంచుకునేలా లెక్క వేస్తాం. యాభై నాలుగు, యాభై అయిదేళ్లకు చాలామందిలో మిగిలేది సుమారు ఒక డయాప్టర్. అందులో సగం, అంటే అర డయాప్టర్, కన్ను ఇస్తుంది. 40 సెంటీమీటర్లకు కావలసింది రెండున్నర కాబట్టి లోటు రెండు. మీరు విన్న ‘యాభై దాటితే రెండో నంబరు’ పుట్టింది ఇక్కడే. లెక్క తప్పేమీ కాదు. కానీ అది 40 సెంటీమీటర్ల దూరంలో పేపరు పట్టుకుని కూర్చునే మనిషి లెక్క. మీరు ఆ మనిషేనా?

ఒక పంతులు గారి సంగతి చెబుతాను. వయసు యాభై నాలుగు. వ్రతాలు, గృహప్రవేశాలు చేయిస్తారు. కొత్త బైఫోకల్ అద్దాలు చేతిలో పట్టుకుని వచ్చారు. “అమ్మా, ఇది సరిపోవడం లేదు. పుస్తకం ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుంటే తప్ప అక్షరం ఆనడం లేదు. ఇంకాస్త పవర్ పెంచి రాయండి” అన్నారు.

దగ్గరగా పెట్టుకుంటే కనిపిస్తోంది! ఆ ఒక్క మాటతో సగం విషయం తెలిసిపోయింది. పవర్ చాలని మనిషి పుస్తకాన్ని దూరంగా జరుపుతాడు, దగ్గరకు తెచ్చుకోడు. దగ్గరకు తెచ్చుకుంటున్నాడంటే పవర్ ఎక్కువైందని. ఈ తేడాను ఇంట్లోనే ఎవరైనా చూసుకోవచ్చు. మంచి వెలుతురులో అద్దాలు పెట్టుకుని, పని చేసే దూరంలో అక్షరాలు ఉంచండి. దగ్గరకు లాక్కుంటే స్పష్టమైతే యాడ్ ఎక్కువ, దూరంగా జరిపితే స్పష్టమైతే తక్కువ. ఎటు జరిపినా మసకగానే ఉంటే అది యాడ్ గొడవ కాదు, కన్ను పూర్తిగా చూపించుకోవాలి.

ఆయన అద్దాలను పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి చూశాను. పై భాగం +0.50, కింది భాగం +3.00. తేడా రెండున్నర, అంటే షాపువాళ్లు వేసిన యాడ్ +2.50. తర్వాత చీటీ చూశాను. దూరం వరుసలో +0.50, దగ్గర వరుసలో +2.50 అని ఉంది. తప్పు అక్కడే దొరికింది.

చీటీలో దగ్గర చూపును రాయడానికి రెండు పద్ధతులున్నాయి. కొందరు ‘యాడ్ +2.00’ అని రాస్తారు. అంటే దూరం పవర్‌కు రెండు కలుపుకోమని. ఇంకొందరు కలిపేసి, దగ్గర వరుసలో మొత్తం పవర్ రాస్తారు. పంతులు గారి చీటీ రాసినవారు రెండో పద్ధతివారు. సున్నా పాయింట్ యాభైకి రెండు కలిపి రెండున్నర అని రాశారు. షాపులో ఆ రెండున్నరనే యాడ్ అనుకుని మళ్లీ కలిపారు. ఒకసారి కలిపినదాన్ని రెండోసారి కలిపితే ఏమవుతుందో ఆయన ముక్కు మీద కనిపిస్తోంది.

మీ చీటీలో ‘యాడ్’ అన్న మాట ఉందా, లేక దగ్గర వరుస విడిగా ఉందా అన్నది ముందు చూసుకోండి. యాడ్ అని ఉంటే అది విడిగా కొనుక్కునే అద్దం నంబరు కాదు, దూరం పవర్‌కు కలపాల్సిన సంఖ్య. దూరానికి +1.50 ఉన్నవారు యాడ్ +2.00 చూసి బజారులో రెడీమేడ్ రెండో నంబరు కొనుక్కుంటే ఒకటిన్నర తక్కువ పడుతుంది. దూరానికి −2.00 ఉన్నవారికి అదే యాడ్ కలిపితే మొత్తం సున్నా. వాళ్లు అద్దాలు తీసేసి చదువుకుంటారు. ‘మైనస్ ఉన్నవారికి చత్వారం రాదు’ అన్న మాట దీన్ని చూసే పుట్టింది. వస్తుంది, అద్దాలు తీసేసినప్పుడు కనపడదు, అంతే. చీటీలో సిలిండర్ అనే రెండో సంఖ్య ఉంటే దాన్ని అలాగే ఉంచాలి, కలిపేది మొదటి సంఖ్యకే.

షాపు తప్పు దిద్దితే సరిపోతుందని నేనూ ఒక క్షణం అనుకున్నాను. కానీ ఆయన చదివేది ఎక్కడ? కుర్చీలో కాదు. క్లినిక్‌లోనే నేల మీద కూర్చోమని, ఎప్పటిలాగే వ్యాసపీఠం ముందున్నట్టు పుస్తకం పెట్టుకోమన్నాను. మొదట మొహమాటపడ్డారు, తర్వాత పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. టేపుతో కొలిస్తే కంటి నుంచి పుస్తకానికి 60 సెంటీమీటర్లు వచ్చింది.

ఇక మిగిలిన శక్తి కొలవాలి. ఈ వయసులో దూరం అద్దాలతో చిన్న అక్షరాలు ఎంత దగ్గరకు తెచ్చినా మసకే కాబట్టి, అద్దాలు మార్చి మార్చి చూసే ట్రయల్ ఫ్రేములో దూరం పవర్ మీద మరో +2.00 వేసి, అక్షరాలను మెల్లగా దగ్గరకు తెచ్చాను. 33 సెంటీమీటర్ల దగ్గర మసకబారాయి. 33 అంటే మూడు డయాప్టర్లు. అందులో రెండు నేను వేసినవి, ఒకటి ఆయన సొంతం.

60 సెంటీమీటర్లకు కావలసింది సుమారు 1.67. ఆయన కళ్లు హాయిగా ఇచ్చేది అర. లోటు 1.17. అద్దాలు పావు చొప్పున దొరుకుతాయి కాబట్టి +1.25. ఆయన చేతిలో ఉన్న అద్దాల యాడ్‌లో సరిగ్గా సగం!

అది చాలుతుందా అన్న అనుమానం తీర్చేది స్పష్టంగా కనిపించే పరిధి. +1.25తో ఆయనకు సుమారు 80 సెంటీమీటర్ల నుంచి 44 దాకా స్పష్టంగా ఉంటుంది. 60 మధ్యలో హాయిగా ఇమిడింది. షాపు వేసిన +2.50తో 40 దగ్గరే హద్దు, అటు పైనంతా మసక. చీటీ ప్రకారం +2.00 వేసి ఉన్నా 50 దగ్గర ఆగిపోయేది. పుస్తకం మాత్రం అరవైలో ఉంది. చీటీ రాసినవారిని పూర్తిగా తప్పుపట్టలేను, కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో కార్డు పెడితే ఎవరైనా నలభైలోనే పట్టుకుంటారు. కానీ ‘ఏం పని చేస్తారు?’ అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

పూజల కోసం యాడ్ +1.25తో బైఫోకల్ రాశాను. పై భాగంలో ఎదుట కూర్చున్న దంపతులు కనిపిస్తారు, కింద పుస్తకం కనిపిస్తుంది. అయితే పంచాంగంలోని సన్న అక్షరాలను దగ్గరగా పట్టుకుని చూడాలంటే దాంతో కుదరదు. దానికి ఇంట్లో మొత్తం +2.50 ఉన్న చదువుకునే అద్దాలు విడిగా. పవర్ తగ్గించానని ఆయనకు మొదట నచ్చలేదు. “పెంచమని వస్తే తగ్గిస్తున్నారే!” అన్నారు. ట్రయల్ ఫ్రేమ్‌తోనే నేల మీద కూర్చోబెట్టి సంకల్పం చదివించాను. తల ఎత్తకుండా చదివేశారు.

టేపు దగ్గర పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఒకప్పుడు మా అమ్మకు నేనే రాశాను, అరవై రెండేళ్లకు యాడ్ +2.50. వారం తిరగకముందే “నీ అద్దాలతో బియ్యంలో రాళ్లు కనిపించడం లేదే” అంది. ఇంకేముంటుందిలే, అలవాటు పడుతుంది అని కొట్టిపారేశాను. మరుసటి నెల ఊరికి వెళ్లినప్పుడు చూస్తే చేట ఒళ్లో పెట్టుకుని వంగి వంగి ఏరుతోంది. కంటి నుంచి చేటకు సరిగ్గా అర మీటరు. ఆ వయసులో సొంత శక్తి దాదాపు ఉండదు, రెండున్నర వేస్తే నలభైకే పరిమితం. రెండు చేసి ఇచ్చాక నడుము నొప్పి కూడా తగ్గిందంది. ఇంట్లోవారిమాటే వినలేదని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక మిగిలినవి. అద్దాలు పెట్టుకుంటే పవర్ త్వరగా పెరుగుతుందన్నది అబద్ధం. కంటి కటకం వయసుతో బిరుసెక్కుతుంది, అద్దాలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా. అరవై దాటాక తగ్గడానికి శక్తే మిగలదు కాబట్టి యాడ్ కూడా సాధారణంగా రెండున్నర దగ్గర ఆగిపోతుంది. అంతకంటే ఎక్కువ రాస్తే బాగా దగ్గరి పని కోసమో, చూపు బాగా తగ్గినందువల్లో అయి ఉంటుంది, కారణం అడగండి. రెండు కళ్లకు యాడ్ వేర్వేరుగా రాసి ఉంటే కూడా అడగండి. ఒక కంటికే ఆపరేషన్ అయినవారికి అలా ఉండవచ్చు గానీ, మామూలుగా అయితే దూరం పవర్ సరిగ్గా పట్టలేదేమోనని నేను మళ్లీ చూస్తాను. కంటి వ్యాయామాలతో చత్వారం పోతుందనే వీడియోల గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఒక్కదానికి మాత్రం ఆగాలి. అరవై దాటినవారు కొందరు సంబరంగా వస్తారు: “ఇప్పుడు అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నాను, చూపు తిరిగొచ్చింది!” తిరిగి రాలేదు. శుక్లం ముదిరేటప్పుడు కంటి పవర్ మైనస్ వైపు జరుగుతుంది, అందుకే దగ్గర కనిపిస్తుంది. దూరంలో బస్సు బోర్డు చదవమంటే తడబడతారు. రక్తంలో చక్కెర బాగా పెరిగినా ఇలాంటి మార్పు రావచ్చు. అందుకని వాళ్లకు ఆ రోజు యాడ్ రాయను, ముందు షుగర్ పరీక్షకు, శుక్లం పరీక్షకు పంపుతాను.