మూడు సూదులు వేసినా చూడి నిలవలేదా? పాడి నోట్‌బుక్ గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: ఉన్నవి నాలుగు పశువులు, అన్నీ గుర్తుంటాయి.

పశువు గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. పశువైద్యుడిగా నేను రోజూ వినే జవాబు "మొన్నామధ్యే సూది వేయించాం సార్" అని. ఆ మొన్నామధ్య ఒక నెల కావచ్చు, మూడు నెలలు కావచ్చు. చెయ్యి పెట్టి చూడి పరీక్ష చేసేవాడికి అదే అసలు తేడా.

అపోహ: మూడుసార్లు సూది వేయించినా తిరగపొర్లిందంటే లోపం ఆవులోనే.

ఒక రైతు ఇదే మాట చెప్పి ఆవును అమ్మేస్తానన్నాడు. నయం, గోడ క్యాలెండర్ మీద తేదీలు రాసుకున్నాడు. జనవరి 10న ఈనింది. మార్చి 13, మార్చి 23, ఏప్రిల్ 3న సూదులు పడ్డాయి. ఎద సుమారు 21 రోజులకు (18 నుంచి 24 లోపు) తిరిగి వస్తుంది. మొదటి సూదికీ మూడోదానికీ మధ్య సరిగ్గా 21 రోజులున్నాయి. మరి పదో రోజున వేసింది? "ఆ రోజు అరిచిందండీ, అంతే" అన్నాడు. తీగలు వేయలేదు, పక్క ఆవు ఎక్కబోతే నిలబడలేదు. అది ఎదే కాదు, ఆ సూది వృథా. మూడోది పొద్దున ఎద చూసిన గంటకే వేయించాడు, తొందరపడ్డాడు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. అందుకే తేదీ పక్కన వేళ కూడా రాయమంటాను.

ఏప్రిల్ 24న పొద్దున ఎద, సాయంత్రం సూది. మూడు నెలలకు చూస్తే చూడి. ఆ తేదీకి 280 రోజులు కలిపితే జనవరి 29 వస్తుంది, గేదెకైతే 310 కలపాలి. ఈతకు రెండు నెలల ముందు, అంటే నవంబరు 30కల్లా పాలు ఆపేయమని అదే క్యాలెండర్ మీద రాయించాను.

తేదీలన్నీ సరిగ్గా 21 రోజులకే పడుతూ, వేళలు కూడా సరిపోయి, అయినా నిలవకపోతే అప్పుడు గర్భాశయం పరీక్ష చేయించాలి. 40 రోజులకు తిరిగొస్తే మధ్యలో ఒక ఎద మీ కంటపడకుండా పోయి ఉంటుంది, లేదా నిలిచిన పిండం పోయి ఉంటుంది.

అపోహ: పాలు రోజూ కొలిచి రాయాలి.

అక్కర్లేదు. వారంలో ఒకే రోజు, రెండు పూటలూ కొలిస్తే చాలు. ఈనిన రెండు నెలల తర్వాత పాలు మెల్లగా తగ్గడం మామూలే. మేత మారకుండానే ఒక్క వారంలో లీటరున్నర పడిపోతే మాత్రం తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి, గడ్డలున్నాయేమో చూడండి.

అపోహ: పొదుగువాపుకు మందు ఎక్కించిన చన్ను పాలు పారబోస్తే సరిపోతుంది.

యాంటీబయాటిక్ రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ వస్తుంది, నాలుగు చన్నుల పాలూ ఆపాలి. ఎన్నాళ్లో మందు పెట్టె మీద ఉంటుంది. లెక్క మొదటి డోసు నుంచి కాదు, ఆఖరి డోసు నుంచి. నోట్‌బుక్‌లో రాయాల్సింది ఆ ఆఖరి డోసు తేదీ, మళ్లీ పాలు పోయగల తేదీ.