డైక్‌స్ట్రా: ఏ అంకె ఖాయం, ఏది కాదు?

రాటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు దగ్గరి దారి ఏది? 1956లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దగ్గరి దారి వెతికే తన అల్గారిథమ్‌ను ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. మనం లక్డీకాపూల్ నుంచి గచ్చిబౌలికి వెళ్దాం. నిమిషాలు మాత్రం లెక్క కోసం నేను అనుకున్నవి.

లక్డీకాపూల్–పంజాగుట్ట 10, పంజాగుట్ట–జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ 14, చెక్‌పోస్ట్–గచ్చిబౌలి 23. రెండో వైపు లక్డీకాపూల్–మెహదీపట్నం 18, అక్కడి నుంచి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలి 34.

అపోహ: తక్కువ రోడ్లు మారితే తొందరగా చేరతాం.

మెహదీపట్నం దారిలో రెండే రోడ్లు, కానీ 52 నిమిషాలు. చెక్‌పోస్ట్ దారిలో మూడు రోడ్లున్నా 47లో చేరతాం. రోడ్లు లెక్కపెట్టడం బీఎఫ్‌ఎస్ అనే మరో అల్గారిథమ్ పని.

అపోహ: గమ్యం కనబడగానే ఆపేయొచ్చు.

ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. కొత్తలో నేనూ చేశాను. ఇంకా తేలని చోట్లను ఇప్పటిదాకా తెలిసిన నిమిషాలతో ఒక క్యూలో ఉంచి, ప్రతిసారీ చిన్నదాన్ని తీస్తాం. అందులో మొదట పంజాగుట్ట 10, మెహదీపట్నం 18 ఉంటాయి. చిన్నది పంజాగుట్ట కాబట్టి దాన్ని తీస్తాం, చెక్‌పోస్ట్‌కు 24 వస్తుంది. తర్వాత మెహదీపట్నం తీస్తే గచ్చిబౌలికి 52 పడుతుంది. ఇక్కడే ఆపితే జవాబు తప్పు. ఇంకా 24తో చెక్‌పోస్ట్ మిగిలే ఉంది, దాన్ని తీస్తే 52 కాస్తా 47 అవుతుంది.

అంకె ఖాయమయ్యేది క్యూలోంచి బయటికి తీసినప్పుడే. మెహదీపట్నాన్ని 18తో తీసినప్పుడు క్యూలో మిగిలింది 24. ఇక ఏ చుట్టుదారిన వచ్చినా ఆ 24 దాటాకే రావాలి, ఆపైన ప్రతి రోడ్డూ నిమిషాలు కలుపుతుందే తప్ప తీసేయదు. కాబట్టి 18 తగ్గదు.

```python
d, u = heappop(q)
if u == goal: return d
if d > dist[u]: continue
```

మూడో లైన్ ఎందుకంటే, ఈ క్యూ కోసం వాడే పైథాన్ హీప్‌లో పాత విలువను మార్చే సదుపాయం లేదు. అందుకని 47ను కొత్తగా వేస్తాం, పాత 52 అలాగే పడి ఉంటుంది. అన్ని ఊళ్లకూ లెక్క కట్టేటప్పుడు అలాంటి పాతవి బయటికొస్తే వదిలేయాలి.

అపోహ: రుణ విలువలుంటే అన్నింటికీ ఒకే అంకె కలిపితే సరి.

రోడ్డు విలువ సున్నా కంటే తక్కువైతే పై వాదన చెల్లదు, నిజమే. కానీ అంకె కలిపితే కుదరదు. మన రోడ్లకే తలా 6 కలిపి చూడండి. మూడు రోడ్ల దారి 65 అవుతుంది, రెండు రోడ్లది 64. గెలిచే దారే మారిపోయింది! ఎన్ని రోడ్లుంటే అన్నిసార్లు 6 పడుతుంది మరి.

ప్రయాణ సమయం ఎలాగూ సున్నా కంటే తగ్గదు, అక్కడ బెంగ లేదు. ఎలక్ట్రిక్ కారు ఖర్చుచేసే కరెంటును లెక్కిస్తే మాత్రం ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ కొంత నిండుతుంది, ఆ రోడ్డు విలువ రుణం కావచ్చు. అప్పుడు నేను రుణ విలువలనూ తట్టుకునే బెల్‌మన్-ఫోర్డ్ అల్గారిథమ్ వాడతాను, నెమ్మదైనా.