కడిగినందుకే రాయి వదులైందా? ఉంగరం సెట్టింగుల మీద అపోహలు, వాస్తవాలు

"ఇచ్చినప్పుడు గట్టిగానే ఉందండీ. మీరు కడిగాకే కదులుతోంది." నగల కౌంటర్ దగ్గర ఈ మాట వినపడని వారం ఉండదు. అన్నవాళ్లను తప్పుపట్టలేం. తాళిబొట్టు తర్వాత అంత ప్రాణంగా చూసుకునే వస్తువు, దాంట్లో రాయి టకటకమంటే గుండె జారుతుంది. కానీ ఈ అపోహ వల్ల చాలామంది ఉంగరాన్ని కడిగించడమే మానేస్తున్నారు. రాళ్లు పోవడానికి అదొక పెద్ద కారణం, అందుకే ముందు దీని సంగతి.

అపోహ: కడిగితే రాయి వదులవుతుంది

రాయి అంతకుముందే వదులైంది. దాన్ని పట్టి ఉంచింది బంగారం కాదు, మురికి.

చపాతీ పిండి, నూనె, సబ్బు, చేతికి రాసుకునే క్రీము, చర్మం నుంచి రాలే పొట్టు, ఇవన్నీ రాయి అడుగున చేరి గట్టిపడతాయి. ప్రాంగ్ అంటే రాయిని పట్టుకునే సన్నటి బంగారు కొక్కెం. దాని గాడిలో ఖాళీ ఏర్పడినా ఈ ముద్ద నింపేస్తుంది. వేలితో నొక్కితే రాయి కదలదు, మనం నిశ్చింతగా ఉంటాం. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టగానే ముద్ద కరిగి, ఉన్న ఖాళీ బయటపడుతుంది. అల్ట్రాసోనిక్ యంత్రంలో వేసినా అంతే: గట్టిగా కూర్చున్న వజ్రాన్ని అది ఊడదీయదు, ఊడడానికి సిద్ధంగా ఉన్నదాన్ని చూపిస్తుంది. షాపులో గిన్నె అడుగున రాయి దొరికితే అదృష్టమే. అదే రాయి బస్సులోనో, సింకులోనో పడితే దొరకదు.

అసలు ఖాళీ ఎలా వస్తుందో చూడండి. ప్రాంగ్ లోపలి వైపు రాయి నడుము, అంటే దాని అన్నిటికంటే వెడల్పైన అంచు, కూర్చునేందుకు చిన్న గాడి కోస్తారు. ప్రాంగ్ మందంలో సుమారు మూడో వంతు, మహా అయితే సగం. అంతకంటే లోతుగా కోస్తే ప్రాంగ్ మెడ దగ్గర బలహీనమై విరుగుతుంది. గాడి పైన ప్రాంగ్ కొనను రాయి మీదికి వంచి, గుండ్రంగా దిద్దుతారు. ఆ కొన చీర కొంగులోనో జుట్టులోనో చిక్కుకుని వెంట్రుకవాసి పైకి లేచిందనుకోండి, రాయి ఆ సందులో ఊగడం మొదలుపెడుతుంది. వజ్రం కంటే గట్టిది లేదు, బంగారం మెత్తన. ఊగిన ప్రతిసారీ రాయి నడుము ఆకురాయిలా గాడిని అరగదీస్తుంది. గాడి పెద్దదయ్యేకొద్దీ ఊపు పెరుగుతుంది, ఊపు పెరిగేకొద్దీ గాడి పెద్దదవుతుంది. "వదులైతే తర్వాత చూద్దాంలే" అనడం అందుకే ఖరీదైన మాట.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షలు మూడున్నాయి, మూడూ కడిగి ఆరబెట్టాకే చేయాలి. ఉంగరాన్ని చెవి దగ్గర పట్టుకుని రెండో చేతి వేలితో కాడ మీద తట్టండి, టిక్కుటిక్కుమని వినపడితే రాయి కదులుతోందని అర్థం. తర్వాత పాత నూలు గుడ్డను ప్రాంగుల మీదుగా అన్ని దిక్కులా లాగండి, పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ కొన లేచినట్టు. ఇక మూడోది పక్క నుంచి చూడటం. ప్రాంగ్ కొనకూ రాయికీ మధ్య వెలుతురు గీత కనపడకూడదు. కొన బియ్యపు నూక కొసలా గుండ్రంగా ఉండాలి. రేకులా పల్చబడి, బల్లపరుపుగా ఉంటే అరిగిపోయింది. పైనుంచి చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు, అందరూ పైనుంచే చూస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 0.30 క్యారట్ల గుండ్రని వజ్రం, నాలుగు ప్రాంగులు, 18 క్యారట్ల బంగారం, పక్కనే మరో ఉంగరంతో జతగా ఏళ్లతరబడి రోజూ పెట్టుకున్నది. కొంగు దారం ఒక ప్రాంగ్‌కు తగులుతోందని తెచ్చారు. కడిగాక టిక్కుమంది. 10 రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, అదే లూప్, కింద చూస్తే ఒక కొన లేచి ఉంది, పక్క ఉంగరం రాసుకున్న వైపు రెండు కొనలు పల్చబడ్డాయి. లేచినదాన్ని నొక్కి కూర్చోబెట్టి పంపిస్తే ఆ రోజుకు చప్పుడు ఆగుతుంది. కానీ పల్చబడిన రెంటికీ నొక్కడానికి లోహమే లేదు, గట్టిగా నొక్కితే విరుగుతాయి. వాటికి కొత్త బంగారం చేర్చి కొన కట్టాలి. గాడి కూడా అరిగి ఉంటే ఉత్తినే నొక్కిన రాయి ఒక పక్కకు ఒరుగుతుంది, దాన్ని తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. నాలుగూ అరిగిపోతే విడివిడిగా కొనలు కట్టించడం దండగ, రాయి కూర్చునే తల మొత్తాన్ని మార్పించడం నయం. వజ్రమైతే రాయిని తీయకుండానే లేజర్‌తో వెల్డింగ్ చేయొచ్చు. పచ్చలాంటి రాయికి మంట తగలకూడదు, ముందు తీయాల్సిందే.

పనికి ఇచ్చేటప్పుడు ఉంగరం బరువు, రాయి కొలత, దాంట్లో ఉన్న మచ్చలు రసీదు మీద రాయించుకోండి. లూప్ కింద మీరూ ఒకసారి చూడండి. అడిగితే చూపించని చోట ఇవ్వకండి.

నాలుగు ప్రాంగులా, ఆరా అనేది ఇక్కడే తేలిపోతుంది. నాలుగింట్లో ఒకటి పోతే రాయి ఆ వైపు జారిపోగలదు. ఆరింట్లో ఒకటి పోయినా మిగతా ఐదూ సాధారణంగా పట్టుకుంటాయి, మీకు కనిపెట్టే గడువు దొరుకుతుంది.

అపోహ: బెజెల్ అయితే ఇక చూసుకోనక్కర్లేదు, కాకపోతే సగం రాయి కనపడదు

రెండు ముక్కలూ తప్పే. బెజెల్ భద్రమే. రాయి చుట్టూ బంగారు అంచు లేచి, నడుము దాటి పైకి ముడుచుకుంటుంది కాబట్టి తగులుకునే కొనలుండవు, దెబ్బ ముందు అంచు మీద పడుతుంది. పచ్చలో సహజంగానే చీలికలుంటాయి, అంచు తగిలితే పెచ్చు లేస్తుంది. చేతిపని ఎక్కువ చేసేవాళ్లు పచ్చను ప్రాంగులో పెట్టించుకోవడం కంటే బెజెల్‌లో పెట్టించుకోవడం మేలు. కానీ ఆ అంచు కూడా అరుగుతుంది. గోడకో గ్రైండర్ గిన్నెకో గట్టిగా కొట్టుకుంటే ఒకచోట సొట్టపడి, ఎదురువైపు సందు వస్తుంది. ప్రాంగ్ లాగా దారానికి తగులుకోదు గనుక సంకేతం ఇవ్వదు, చెవి దగ్గర తట్టి చూడటమే దారి. బిగించడం కూడా సులువు కాదు. చుట్టూ కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ రావాలి, తొందరపడితే రాయి అంచు పగులుతుంది.

ఇక కనపడే సంగతి లెక్కేసి చూద్దాం. ఒక క్యారట్ గుండ్రని వజ్రం సుమారు 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. బెజెల్ అంచు చుట్టూ పావు మిల్లీమీటరు కప్పితే 6 మిల్లీమీటర్లు కనపడుతుంది. విస్తీర్ణంలో పోయేది సుమారు 15 శాతం, సగం కాదు. అదే పావు మిల్లీమీటరు అంచు 0.30 క్యారట్ల రాయి మీద వేస్తే లెక్క మారుతుంది. అది 4.3 మిల్లీమీటర్ల రాయి, 3.8 మాత్రమే కనపడుతుంది, 22 శాతం పోతుంది. నాలుగు ప్రాంగులు ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పుతో అర మిల్లీమీటరు లోపలికి వచ్చినా, ఒక క్యారట్ రాయిలో 6 శాతం మించి కప్పవు. అంటే రాయి చిన్నదయ్యేకొద్దీ బెజెల్‌లో ఎక్కువ నష్టపోతాం. కాకపోతే తెల్లరాయి చుట్టూ తెల్ల లోహపు అంచు ఉంటే దూరం నుంచి రెండూ కలిసిపోయి, రాయే పెద్దదనిపిస్తుంది. పసుపు బంగారం అంచులో ఆ మాయ జరగదు.

"వెనక తెరిచి ఉంటే వెలుతురు ఎక్కువ" అనే మాట కూడా ఇక్కడే వస్తుంది. వజ్రానికి వెలుతురు ప్రధానంగా పైనుంచి లోపలికి వెళ్లి, అడుగు ముఖాల మీద తగిలి, తిరిగి పైకే వస్తుంది. ఆ అడుగు ముఖాలకు నూనె జిడ్డు అంటితే వెలుతురు వెనక్కి మళ్లకుండా కిందికి జారిపోతుంది. వజ్రం జిడ్డును ఇట్టే పట్టుకుంటుంది కూడా. కాబట్టి తెరిచిన వెనకభాగం వల్ల లాభం వెలుతురు కాదు, బ్రష్షు దూరగలగడం. జాతకం కోసం రాయి చర్మానికి తగలాలని వెనక తెరిపించుకుంటారు. నమ్మకం మీ ఇష్టం. ఆ రాయికి చెమటా నూనే నేరుగా అంటుతాయి కాబట్టి వారానికోసారి తుడవాలని మాత్రం గుర్తుంచుకోండి. పగడం, ముత్యమైతే మెత్తటి తడిగుడ్డ చాలు.

కడగడం

వజ్రం, కెంపు, నీలం లాంటి గట్టి రాళ్లున్న, వెనక తెరిచిన ఉంగరమైతే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి అరగంట నానబెట్టండి. పసిపిల్లల మెత్తటి బ్రష్షుతో పైనుంచి కాదు, కింది నుంచి తోమండి. గిన్నెలోనే కడగండి, కుళాయి కింద వద్దు. కుంకుడు రసం వాడతామంటే వాడండి, కానీ గుడ్డలో వడకట్టండి, గుజ్జు ప్రాంగుల కింద ఇరుక్కుంటుంది. టూత్‌పేస్టు బంగారాన్ని గీస్తుంది. పచ్చకు నానబెట్టడం వద్దు, చాలా పచ్చల చీలికల్లో నూనె నింపి ఉంటుంది, అది పోతే గీతలు బయటపడతాయి. రాయి వెనక మూసేసిన పాత క్లోజ్ సెట్టింగు నగలను నీళ్లలో ముంచనే ముంచకండి. రాయి వెనక మెరుపు రేకు ఉంటే తడి చేరి నల్లబడుతుంది, ఇక ఎంత తుడిచినా తెల్లబడదు.

అపోహ: ఛానెల్‌లో రాళ్లు గోడల మధ్య ఉంటాయి, ఎక్కడికీ పోవు

ఉంగరం గుండ్రంగా ఉన్నంతకాలం ఇది నిజం. రాళ్లు పక్కపక్కనే, మధ్యలో లోహం లేకుండా, రెండు గోడల గాడుల్లో కూర్చుంటాయి. చీరకు తగులుకునేదేమీ లేదు, రాళ్లు బాగా కనపడతాయి. బరువైన సంచి లాగి ఉంగరం కోడిగుడ్డులా వంగిందనుకోండి, గోడలు ఒకచోట విడిపోతాయి. అక్కడ ఒక రాయి పడితే పక్క రాళ్లకు జరిగే చోటు దొరుకుతుంది, అవి ఒకదాన్నొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడతాయి. ఒక్క రాయి పోయిందని తెచ్చిన ఉంగరంలో మరికొన్ని కదులుతుండటం మామూలే. బాగుచేయడానికి గోడ తెరిచి మళ్లీ మూయాలి, ప్రాంగ్ కంటే ఎక్కువ పని. కింది నుంచి చిన్న రంధ్రాలుంటే బ్రష్షుకు కొంత దారి ఉంటుంది, లేకపోతే మూడు సెట్టింగుల్లో దీన్ని శుభ్రం చేయడమే కష్టం.

చుట్టూ రాళ్లున్న ఛానెల్ ఉంగరం సైజు మార్చడం కుదరదనే అనుకోండి. పైసగమే రాళ్లుంటే కింది బంగారంలో కోసి కొద్దిగా మార్చొచ్చు, కానీ వంపు మారుతుంది కాబట్టి ప్రతి రాయినీ మళ్లీ తట్టి చూడాలి. పెళ్లి ఉంగరంగా ఛానెల్ కొనేవాళ్లు వేలి కొలత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసుకోండి. ఎండకు వేళ్లు ఉబ్బుతాయి.

22 క్యారట్ల సంగతి

"మనవైపు 22 క్యారట్లే బంగారం, 18 అంటే తక్కువరకం" అంటారు. రాళ్ల ఉంగరం వరకు ఇది తిరగబడుతుంది. 916 బంగారం మెత్తన, సన్నటి ప్రాంగ్ చేస్తే గోటితో వంగినంత పనవుతుంది. 750 ముద్ర ఉన్న 18 క్యారట్లలో కలిపిన లోహాలు ప్రాంగ్‌కు నిలబడే సత్తువ ఇస్తాయి. 22లోనే కావాలని పట్టుబడితే ప్రాంగ్ వద్దు, మందపాటి అంచుతో బెజెల్ చేయించుకోండి.