52 మిల్లీమీటర్ల బేరింగుకు ఎంత రంధ్రం?

లేత్ షాపు నడిపే ఒక పాఠకుడు ఇలా అడిగారు: "బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ పుల్లీలో 6205 బేరింగు వేశాము. కొన్ని నెలలకే బయటి రింగు తన సీటులో తిరగడం మొదలైంది. బోర్ కొలత 52.01 ఉంది. అసలు ఎంత ఉండాలి?" కేటలాగులో 6205కు లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అందువల్ల బేరింగు కూర్చునే హౌసింగుకు హెచ్7 వేయడం, అంటే 52 కంటే ఎప్పుడూ చిన్నగా ఉండని రంధ్రం తీయడం, అలవాటుగా మారింది. ఆ అలవాటు మోటారుకు సరిపోతుంది, పుల్లీకి సరిపోదు. బెల్టు లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది. మోటారులో షాఫ్టు తిరుగుతుంది కనుక లోపలి రింగును బిగించాలి. ఐడ్లర్‌లో షాఫ్టు కదలదు, పుల్లీయే తిరుగుతుంది. అంటే బయటి రింగు మీది ప్రతి బిందువూ చుట్టుకొకసారి భారం కిందకు వస్తుంది. భారం ఉన్న దిక్కుతో పోలిస్తే తిరుగుతూ ఉండే రింగు ఏదైతే దానికే బిగింపు కావాలి.

బిగింపు లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడటం నాకు చాలా ఇష్టమైన విషయం. రింగు వ్యాసం కంటే బోర్ వ్యాసం 4 మైక్రాన్లే ఎక్కువ అనుకుందాం. చుట్టుకొలతల తేడా అంతకు π రెట్లు, సుమారు 12.6 మైక్రాన్లు. భారం రింగును ఒక వైపుకు నొక్కుతూ ఆ తాకే చోటు చుట్టూ తిరుగుతుంటే, రింగు జారకుండా దొర్లుతూనే ప్రతి చుట్టుకూ ఆ 12.6 మైక్రాన్ల మేర సీటులో పక్కకు జరుగుతుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగే పుల్లీలో అది నిమిషానికి 12.6 మిల్లీమీటర్లు, రోజంతా నడిస్తే దాదాపు 18 మీటర్లు. ఆచరణలో దొర్లుడుకు కొంత జారుడు కూడా తోడవుతుంది. అప్పుడు సీటు నునుపెక్కి, ఎర్రటి పొడి రాలి, బోర్ ఇంకా పెరుగుతుంది. ఇది నాలుగు మైక్రాన్ల సంగతి. ప్రశ్న అడిగిన వారి బోర్‌లో ఖాళీ కనీసం 10 మైక్రాన్లు.

ఇప్పుడు కేటలాగులోని టాలరెన్సు పట్టిక చూద్దాం. సాధారణ తరగతి బేరింగుకు, 50 నుంచి 80 వరకు ఉండే బయటి వ్యాసానికి ఐఎస్ఓ 492 ప్రమాణం 0, −13 మైక్రాన్లు ఇస్తుంది. కాబట్టి మన బేరింగు వ్యాసం 51.987కూ 52.000కూ మధ్య ఉంటుంది. అది పేర్కొన్న కొలతను ఎప్పుడూ దాటదు, కనుక బిగింపు కావాలంటే రంధ్రమే 52 కంటే చిన్నగా ఉండాలి. తిరిగే బయటి రింగుకు కేటలాగులు తరచుగా సూచించే ఎన్7 పరిధి −9, −39 మైక్రాన్లు, అంటే బోర్ 51.961 నుంచి 51.991 వరకు. అతి పెద్ద బేరింగు అతి చిన్న బోర్‌లో పడితే బిగింపు 39 మైక్రాన్లు. అతి చిన్న బేరింగు అతి పెద్ద బోర్‌లో పడితే బిగింపు ఉండదు, పైగా 4 మైక్రాన్ల ఖాళీ మిగులుతుంది. పైన లెక్క వేసిన 18 మీటర్ల కదలిక ఈ ఎన్7లోనే దాగి ఉంది.

అలాగని గట్టిగా బిగించేస్తే మరొక చివర ప్రమాదం వస్తుంది. బిగింపు రింగును బయటి నుంచి నొక్కుతుంది, ఆ నొక్కుడు లోపల బంతులు దొర్లే గాడి వ్యాసాన్ని తగ్గిస్తుంది, అందువల్ల బేరింగు లోపల బంతులకు వదిలిన ఖాళీ తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో ఈ సూత్రం చెబుతుంది. పుల్లీ హబ్, బేరింగు రెండూ ఉక్కువే అయినప్పుడు మాత్రమే ఇది వర్తిస్తుంది.

```
e = i × h × (1 − k²) / (1 − h²k²)
```

ఇందులో i అసలైన బిగింపు, e గాడి వ్యాసంలో తగ్గుదల. h అంటే గాడి వ్యాసాన్ని బేరింగు బయటి వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 6205కు గాడి వ్యాసం సుమారు 46.6, కనుక h 0.896. k అంటే 52ను హబ్ బయటి వ్యాసంతో భాగించినది. హబ్ 75 మిల్లీమీటర్లు అనుకుంటే k 0.693. గుణిస్తే e దాదాపు 0.76 i వస్తుంది. లేత్ మీద తీసిన ఉపరితలపు గరుకు శిఖరాలు నలిగి బిగింపు కొంచెం తగ్గుతుంది. ఆ నష్టాన్ని 52/(52+3), అంటే 0.945 అని తీసుకుంటారు. రెండూ కలిపితే, కొలిచిన బిగింపులో 0.72 వంతు బేరింగు లోపలి ఖాళీని తినేస్తుంది.

ఆ ఖాళీ 6205లో సాధారణంగా 5 నుంచి 20 మైక్రాన్లు, సి3 గుర్తు ఉన్న దానిలో 13 నుంచి 28. ఎన్7లో సగటు బిగింపు 17.5 మైక్రాన్లు, దాని వల్ల తగ్గుదల 12.5. సాధారణ బేరింగు సగటు ఖాళీ కూడా 12.5. కాబట్టి మధ్య కొలతల వద్దనే ఖాళీ సరిగ్గా సున్నాకు చేరుతుంది, బిగింపు కాస్త ఎక్కువైతే బంతులు నలుగుతాయి. నా అభిప్రాయంలో ఇక్కడ సి3 తప్పనిసరి, అది ఎంపిక చేసుకునే విషయం కాదు.

ఒకే ఒక పుల్లీ చేస్తున్నప్పుడు టాలరెన్సు గుర్తు కంటే కొలతనే నమ్మడం మేలు. ముందు సి3 బేరింగు బయటి వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిచి, దాని నుంచి 15 మైక్రాన్లు తగ్గించి బోర్ తీయాలి. బేరింగు 51.994 వస్తే బోర్ 51.979. అప్పుడు తగ్గుదల సుమారు 11 మైక్రాన్లు, మిగిలే ఖాళీ 2 నుంచి 17. నడిచేటప్పుడు లోపలి రింగు బయటి దానికంటే ఐదు డిగ్రీలు వేడెక్కితే మరో 3 మైక్రాన్లు పోతాయి. ఆ చివరన ఖాళీ సున్నాకు దగ్గరగా వస్తుంది, కానీ అది ప్రమాదకరం కాదు. పుల్లీ అల్యూమినియంది అయితే ఈ లెక్క చెల్లదు. 40 డిగ్రీలు వేడెక్కితే అది ఉక్కు కంటే ఎక్కువగా వ్యాకోచించి, 52 మిల్లీమీటర్ల మీద దాదాపు 23 మైక్రాన్ల బిగింపును పోగొడుతుంది.

లెక్క సరిగా ఉన్నా కొలత మోసం చేయవచ్చు. ఇప్పుడే కోత పూర్తయిన ఉక్కు హబ్ గేజ్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే బోర్ 12 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది, చల్లారాక బిగింపు అంత పెరుగుతుంది. వెర్నియర్‌తో ఈ పని కాదు, డయల్ బోర్ గేజ్ కావాలి. అయితే మూడు దవడల చక్‌లో గట్టిగా పట్టిన పలుచని హబ్‌ను వదిలిన తర్వాత రంధ్రం మూడు మూలల ఆకారానికి తిరుగుతుంది, ఎదురెదురు బిందువులను కొలిచే గేజ్‌కు మాత్రం అన్ని వైపులా ఒకే వ్యాసం వస్తుంది. చివరి కోతకు ముందు దవడలను సడలించి తేలికగా పట్టుకోవడమే దీనికి మార్గం.

బేరింగును బోర్‌లోకి దించేటప్పుడు ప్రెస్ ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగును నొక్కితే ఆ బలం బంతుల గుండా వెళ్లి గాడిలో గుంటలు వేస్తుంది. బిగింపు ఎక్కువైందో లేదో తర్వాత విప్పి చూస్తే తెలుస్తుంది. కదలని లోపలి రింగు మీద బంతుల జాడ భారం వైపు ఒక వంపు మేర మాత్రమే ఉండాలి. ఆ జాడ లోపలి రింగు చుట్టూ పూర్తిగా పరుచుకుని ఉంటే, ఖాళీ పోయి బేరింగు అన్ని వైపులా నలుగుతూ తిరిగిందని అర్థం.