వీడియో వైరల్ అయితే ముందే "ఫేక్" అనకుండ్రి: హోటల్ వాళ్ల అపోహలు - వాస్తవాలు

హన్మకొండల ఉంట, హోటళ్లకు ఫుడ్ సేఫ్టీ పని చూస్త. వీడియో వైరల్ అయిందని రాత్రి ఫోన్ చేసే ప్రతి ఓనర్ మొదటి మాట ఒకటే, "అన్నా, ఫేక్ అని పోస్ట్ పెట్టేస్తున్నం". ఆగుండ్రి.

అపోహ: వెంటనే ఖండించకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.

వాస్తవం: వెంటనే మాట్లాడాలె, కానీ చూసుకోకుండ ఖండిస్తే మునుగుతరు. నాలుగు బ్రాంచీలున్న ఒక బిర్యానీ చైన్ సంగతి చెప్త. చికెన్ ముక్కల పురుగు అని వాట్సాప్‌ల వీడియో తిరిగింది. ఓనర్ "ఆ ప్లేట్ మాది కాదు, అది పురుగు కాదు" అని రెండూ కలిపి పోస్ట్ చేసిండు. తెల్లారి ఆ కస్టమర్ కాజీపేట బ్రాంచి బిల్లు ఫొటో పెట్టింది. ప్లేట్ వాళ్లదే, కానీ అది నిజంగనే పురుగు కాదు, లెగ్ పీసుల ఉండే తెల్లటి నరం, ఉడికినంక సాగి అట్లనే కనిపిస్తది. అప్పటికే మొదటి మాట అబద్ధమని తేలింది కాబట్టి రెండోది నిజమైనా ఎవ్వరూ నమ్మలే. అదే బ్యాచ్ ముక్క కోసి చూపిద్దామంటే భయంతోని వంటోళ్లు రాత్రే మొత్తం పారబోసిండ్రు.

అందుకే నా ప్లాన్‌ల మొదటి లైన్, ఏదీ పారెయ్యొద్దు. ఆ బ్యాచ్‌ను వాడకుండ పక్కకు తీసి, తేదీ, టైం రాసి ఫ్రీజర్‌ల పెట్టుండ్రి. సీసీ కెమెరా ఫుటేజ్ పాతది చెరిగిపోతది కాబట్టి ఆ రోజే కాపీ తీసుకోండి, చికెన్ సప్లయర్ బిల్లు కూడా పక్కన పెట్టుకోండి. తర్వాత మూడు ప్రశ్నలు విడివిడిగ చూడాలె: బ్రాంచి మనదేనా, ఏ రోజుది, ఆ వస్తువు ఏంది. తేలినదే చెప్పాలె. "వీడియో చూసినం, కాజీపేటల చికెన్ వంటకాలు ఆపినం, బ్యాచ్ పక్కకు తీసినం, సాయంత్రం 6 గంటలకు మళ్లీ చెప్తం" అంటే చాలు. 6కు కొత్త విషయం లేకపోయినా లేదనే చెప్పాలె. మాట్లాడేది ఒక్కరే, కౌంటర్ పిల్లగాళ్లు కామెంట్లకు జవాబియ్యొద్దు.

అపోహ: ల్యాబ్ రిపోర్ట్ రేపు పెడితే అయిపోతది.

వాస్తవం: ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీస్తే అనలిస్ట్ రిపోర్ట్‌కు చట్టంల 14 రోజుల గడువుంది, రేపు అని మాటియ్యకుండ్రి. మీరే ప్రైవేటు ల్యాబ్‌కు పంపినా, ఆ రిపోర్ట్ మీరు పంపిన శాంపిల్ గురించే చెప్తది, ఆ ప్లేట్ గురించి కాదు.

అపోహ: పెట్టినోళ్లంతా పైసల కోసమే, కేసు పెడతమంటే తీసేస్తరు.

వాస్తవం: బెదిరించిన స్క్రీన్‌షాట్ వీడియో కన్నా ఎక్కువ తిరుగుతది. ఆ కాజీపేట కస్టమర్‌కు నేనే ఫోన్ చేసిన. ఆమె పైసల మాటే ఎత్తలే, "మా పిలగాడు సగం తిన్నడు సార్, ఏమన్న అయితదా?" అని ఏడ్చింది. రెండు రోజుల నుంచి హోటల్ తరఫున ఒక్కరు కూడా బాబు ఎట్లున్నడని అడగలేదంట.