‘ముందే తెలిసుంటే బాగుండేది’ అనే మూడంశాల షార్ట్: అపోహలు - వాస్తవాలు

‘ఇవి ముందే తెలిసుంటే బాగుండేది’ అంటూ మూడు విషయాలు చెప్పి ముగించే చిన్న వీడియోలకు స్క్రిప్టు రాయడం, ఆ తర్వాత వాటి ఎడిటింగ్ చూసుకోవడం నా వృత్తి. మూడు విషయాలు ఏరుకుంటే సగం పని అయిపోయినట్లేనని చాలామంది అనుకుంటారు. అసలు పని వాటిని ఏ వరుసలో పెట్టాలో, దేనికి ఎంత సమయం ఇవ్వాలో తేల్చుకోవడంలో ఉంటుంది. మొదటిసారి ఆరోగ్య బీమా తీసుకున్నవారి కోసం రాసే షార్ట్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ సంగతి వివరిస్తాను.

ఈ వీడియోకు మూడు విషయాలు ఎంచుకున్నాం అనుకుందాం. ఒకటి, కొత్త పాలసీ పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు దానిని వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది. దీన్నే ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. రెండు, పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటి చికిత్సకు బీమా డబ్బు రాని కాలం, ఉండవచ్చు. మూడు, కొన్ని పాలసీల్లో ఆసుపత్రి గది అద్దెకు పరిమితి ఉంటుంది.

అపోహ: చూసేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు కాబట్టి అన్నిటికంటే బలమైన విషయాన్ని మొదటే చెప్పేయాలి.

వాస్తవం: మొదట చెప్పవలసింది ఆ విషయాన్ని కాదు, దాని వల్ల కలిగే నష్టాన్ని. “5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నా, రెండున్నర లక్షల బిల్లులో లక్ష మీరే కట్టాల్సి రావచ్చు” అన్న ఒక్క వాక్యంతో వీడియో మొదలుపెడితే, అది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆరాటం చివరి అంశం దాకా నిలుస్తుంది. కారణం ఏమిటన్నది మాత్రం అక్కడ బయటపెట్టకూడదు. గది అద్దె పరిమితి గురించి ఐదో సెకనులోనే చెప్పేస్తే మిగిలిన రెండు విషయాలను వినడానికి ఎవరికీ కారణం ఉండదు.

అలాగని మొదటి అంశాన్ని ఏదో ఒకటిలే అని పెట్టడం కూడా సరికాదు. అది చిన్నదై ఉండాలి, ఎటువంటి వివరణా అవసరం లేకుండా వెంటనే అర్థం కావాలి, ఆ ఒక్కటి విని వెళ్లిపోయిన మనిషికి కూడా ఉపయోగపడాలి. 30 రోజుల గడువు సరిగ్గా అటువంటిది. వెయిటింగ్ పీరియడ్‌కు కొంచెం వివరణ కావాలి కాబట్టి అది రెండో చోట ఉండాలి.

అపోహ: మూడు అంశాలకూ సమానంగా సమయం పంచాలి.

వాస్తవం: యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబరు 15 నుంచి 3 నిమిషాల వరకు వీడియో పెట్టే వీలు కలిగింది. అయినా ఈ తరహా వీడియోకు 50 సెకన్లు చాలునని నా అభిప్రాయం. స్పష్టంగా, తొందరపడకుండా తెలుగు చదివితే ఆ వ్యవధిలో సుమారు 80 మాటలు పడతాయి. వాటిలో ప్రారంభ వాక్యానికి 5 సెకన్లు, మొదటి అంశానికి 8, రెండో అంశానికి 11 కేటాయించి, మిగిలిన సగం కాలాన్ని మూడో అంశానికే వదలాలి. ఎందుకంటే అక్కడ ఒక లెక్క చెప్పాలి, లెక్క వినేవారికి ఆలోచించుకునే వ్యవధి కావాలి.

ఆ లెక్క ఇది. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం అంటే రోజుకు 5,000 రూపాయలు. రోగి 10,000 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్నాడనుకుందాం. గది అద్దె 40,000 అయితే బీమా సంస్థ 20,000 ఇస్తుంది. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000 అయితే వాటిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించి 80,000 మాత్రమే చెల్లించవచ్చు. మందులు, పరీక్షల ఖర్చు 50,000కు ఈ కోత వర్తించదు. మొత్తం 2,50,000లో వచ్చేది 1,50,000. ఈ నిష్పత్తి కోత ఐసీయూ ఖర్చులకు ఉండదు. గదిని బట్టి చికిత్స ధరలు మారని ఆసుపత్రుల్లోనూ ఉండదు. పరిమితి లేని పాలసీలూ ఉన్నాయి. అందుకే స్క్రిప్టులో ‘రావచ్చు’ అన్న మాటను తీసేయకూడదు. దాన్ని తీసేస్తే వాక్యానికి పదును వస్తుంది గాని, చెప్పింది అబద్ధమవుతుంది.

ఇంత వివరం 50 సెకన్లలో ఇమడదు. గొంతుతో చెప్పవలసింది గది అద్దె, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు, చివర మిగిలే లక్ష మాత్రమే. విడి అంకెలను మాటలతో పాటు తెరపై ఒక్కొక్కటిగా చూపించాలి, మినహాయింపులను వీడియో కింది వివరణలో రాయాలి.

అపోహ: షార్ట్‌కు వ్యూస్ బాగా వచ్చాయంటే వరుస కుదిరినట్లే.

వాస్తవం: 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్న దానితో నిమిత్తం లేకుండా అది వ్యూగా లెక్కకు వస్తోంది. కాబట్టి ఆ అంకె వరుస గురించి ఏమీ చెప్పదు. చూడవలసింది యూట్యూబ్ స్టూడియోలోని ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్, అంటే వీడియోలో ఏ క్షణాన ఎంతమంది చూస్తున్నారో చూపే గీత. మొదటి సెకన్లలోనే గీత పడిపోతే ప్రారంభ వాక్యం పని చేయలేదని అర్థం. రెండో అంశం మధ్యలో జారితే వివరణ సాగిందని అర్థం. లెక్క చెప్పే చోట గీత పైకి లేస్తే జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తున్నారన్నమాట. అది లెక్క నచ్చడం వల్ల కావచ్చు, అంకెలు మరీ వేగంగా మారిపోవడం వల్లా కావచ్చు, కనుక వ్యాఖ్యలు చదివి తేల్చుకోవాలి. ‘చివరిగా’, ‘ఇక ముగించే ముందు’ వంటి మాటల దగ్గర గీత జారుతున్నట్లు కనిపిస్తే వాటిని తొలగించి, రెండో అంశం ముగిసిన వెంటనే నేరుగా ఆసుపత్రి గదిలోకి వెళ్లిపోవాలి. చూసినవారు కొద్దిమందే ఉన్నప్పుడు మాత్రం ఈ గీతను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

అపోహ: చివరి అంశం మిగతా రెండిటికంటే పెద్దదైతే చాలు.

వాస్తవం: నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనదిగా తోచిన సంగతి ఇదే. చివరి అంశం పెద్దదిగా ఉండటమే కాదు, ముందు చెప్పిన రెండిటికీ ప్రయోజనం కల్పించాలి. 30 రోజుల హక్కు గురించి విన్నప్పుడు, పాలసీని ఎవరైనా ఎందుకు వెనక్కి ఇస్తారో ప్రేక్షకునికి తోచదు. గది అద్దె లెక్క విన్నాక తోస్తుంది. అందుకే మూడో అంశం ఈ విధంగా ముగియాలి:

“మీ పాలసీ పత్రంలో ‘రూమ్ రెంట్ లిమిట్’ ఎంత ఉందో, పాత జబ్బులకు ఎన్ని నెలలు ఆగాలో ఈ రోజే చూడండి. అవి మీకు సరిపడకపోతే, మొదట చెప్పిన 30 రోజుల్లో ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.”

ఈ రెండు వాక్యాలతో మూడు అంశాలూ కలిసి ఒకే పనికి దారి తీస్తాయి. అయితే ఆ 30 రోజుల హక్కు కొత్త పాలసీకే గాని రెన్యువల్‌కు లేదన్న మాట మొదటి అంశంలోనే వచ్చి ఉండాలి, లేకపోతే పాత పాలసీదారులు పొరబడతారు. ఒక స్క్రిప్టులో అంశాలు ఇలా కలిశాయా లేదా అని పరీక్షించడానికి నేను మూడో అంశాన్ని మొదటికి జరిపి చదువుతాను. అర్థంలో ఏ లోటూ రాకపోతే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు విడి చిట్కాలేనని తేలుతుంది. అప్పుడు వరుస మార్చి లాభం లేదు, మొదటి రెండు అంశాలనే మార్చాలి.

చివరి మాట తర్వాత సబ్‌స్క్రయిబ్ చేయమన్న అభ్యర్థనను జోడించకుండా, ‘రూమ్ రెంట్ లిమిట్’ అన్న పేరు పాలసీ పత్రంలో కనిపించే చోటును తెరపై రెండు సెకన్లు నిలిపి, అక్కడితో వీడియోను ఆపేయాలి.