క్రికెట్ క్లబ్ అవార్డ్స్ నైట్: అపోహలు - వాస్తవాలు

వారాంతపు లీగ్‌లు ఆడే క్రికెట్ క్లబ్‌లో అవార్డుల కమిటీ పని చూస్తుంటాను. విభాగాలు ఎంచడం, అవార్డు ఎందుకిస్తున్నామో వేదిక మీద చదివే సైటేషన్లు రాయడం, వేదిక మీద ఎవరి తర్వాత ఎవరో తేల్చడం నా వంతు. ఏటా ఇవే మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అవార్డులు ఎన్ని ఎక్కువైతే అంతమంది సంతోషిస్తారు.

నలభై మంది ఆడే క్లబ్‌లో ఇరవై షీల్డులు ఇస్తే, రాని ఇరవై మందీ పేర్లతో సహా అందరికీ కనిపిస్తారు. పది, పన్నెండు ఇచ్చినప్పుడు ఆ బాధ ఉండదు, ఎందుకంటే రానివాళ్ళే ఎక్కువమంది. ఒక విభాగం ఉండాలా వద్దా అన్నదానికి నేను చూసే పరీక్ష ఒకటే. విజేత ఎవరైనా సరే, ఎందుకు ఇస్తున్నామో నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి. ‘బెస్ట్ స్పిరిట్’, ‘బెస్ట్ యాటిట్యూడ్’ లాంటివి ఇక్కడే ఆగిపోతాయి. వాటికి రాసే నాలుగు వాక్యాలు జట్టులో ఎవరికైనా సరిపోతాయి.

బీసీసీఐ వార్షిక పురస్కారాలు చూస్తే విభాగాల్లో రకాలు తెలుస్తాయి. రంజీ ట్రోఫీలో ఎక్కువ పరుగులు చేసినవారికీ, ఎక్కువ వికెట్లు తీసినవారికీ మాధవరావు సింధియా అవార్డు ఇస్తారు. అది పూర్తిగా లెక్క. ఏడాది మేటి అంతర్జాతీయ క్రికెటర్‌కు ఇచ్చే పాలీ ఉమ్రీగర్ అవార్డులో నిర్ణయం ఉంటుంది. జీవన సాఫల్య పురస్కారం కల్నల్ సి.కె. నాయుడు పేరు మీద ఉంది. 1932లో మన మొదటి టెస్టుకు కెప్టెన్‌గా ఉన్న ఆయన తెలుగు కుటుంబం వాడు కావడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. ఈ పురస్కారానికి ఆ ఏటి స్కోర్లతో పని లేదు. మన క్లబ్‌లోనూ లెక్క, నిర్ణయం, సేవ అని మూడు గుంపులు చేసుకుంటే దేన్ని ఎవరు తేల్చాలో స్పష్టంగా ఉంటుంది. లెక్కవి స్కోరర్ తేలుస్తాడు, నిర్ణయానివి ఓట్లు తేలుస్తాయి, సేవకు సంబంధించినవి కమిటీ చూసుకుంటుంది.

అపోహ: ఉత్తమ బ్యాటర్ అంటే సగటు ఎక్కువ ఉన్నవాడు, అందులో గొడవేముంది?

గొడవంతా అక్కడే ఉంది. సగటు అంటే పరుగుల్ని ఔటైన సార్లతో భాగించడం, ఆడిన ఇన్నింగ్స్‌తో కాదు. ఒక లెక్క తీసుకుందాం. 14 మ్యాచ్‌ల సీజన్‌లో మొదటి ఆటగాడు 13 ఇన్నింగ్స్‌లో రెండుసార్లు నాటౌట్‌గా ఉండి 412 పరుగులు చేశాడు. 412ను 11తో భాగిస్తే సగటు 37.45. రెండో అతను 8 ఇన్నింగ్స్‌లో మూడుసార్లు నాటౌట్, 310 పరుగులు, సగటు 62. మూడో అతను రెండే ఇన్నింగ్స్ ఆడి ఒకసారి నాటౌట్‌గా 84 పరుగులు చేశాడు. అతని సగటు 84, పట్టికలో పైన ఉండేది అతనే!

సీజన్‌లో సగం మ్యాచ్‌లైనా బ్యాటింగ్ చేసి ఉండాలన్న షరతు పెడితే, అంటే ఇక్కడ ఏడు ఇన్నింగ్స్, మూడో అతను పోటీలో ఉండడు. మిగిలిన ఇద్దరిలో ఎవరన్నది అవార్డు పేరును బట్టి ఉంటుంది. ‘ఎక్కువ పరుగులు’ అని పెడితే మొదటివాడిది, ‘ఉత్తమ సగటు’ అని పెడితే రెండోవాడిది. ‘ఉత్తమ బ్యాటర్’ అని రాసి ఊరుకుంటే ఇద్దరి స్నేహితులూ మనల్ని నిలదీస్తారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటుంది. అందుకే పేరు, షరతు, లీగ్ మ్యాచ్‌లే లెక్కా ఫ్రెండ్లీలు కూడానా అన్నది మొదటి మ్యాచ్‌కు ముందే కాగితం మీద పెట్టి గ్రూపులో పంచాలి. సీజన్ మధ్యలో పెట్టిన షరతు ఎంత మంచిదైనా ఎవరికో అనుకూలంగా పెట్టినట్టే కనిపిస్తుంది.

స్కోరింగ్ యాప్ అంకెల్ని కూడా కళ్ళు మూసుకుని తీసుకోవద్దు. ఒకే ఆటగాడు రెండు ఫోన్ నంబర్లతో నమోదైతే అతని పరుగులు రెండు పేర్ల కింద చీలిపోతాయి. ఒక్కో మ్యాచ్‌కు దిగిన పదకొండు మంది పేర్లను స్కోర్‌బుక్‌తో సరిచూస్తే ఇది బయటపడుతుంది.

అపోహ: ‘ప్లేయర్ ఆఫ్ ది ఇయర్’ను చివర్లో కమిటీ కూర్చుని తేల్చొచ్చు.

అలా చేస్తే ఫైనల్లో ఆడినవాడే గెలుస్తాడు. ఆరు నెలల కిందటి ఇన్నింగ్స్ ఎవరికీ గుర్తుండదు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో సీజన్ మేటి ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్‌కు ఒక పద్ధతి ఉంది. ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్లు ముగ్గురు ఆటగాళ్ళకు 3, 2, 1 ఓట్లు ఇస్తారు. వాటిని సీజన్ చివర ఒకే రాత్రి లెక్కిస్తారు. క్లబ్‌లో అంపైర్, కెప్టెన్, స్కోరర్ ఇదే పని చేయొచ్చు. చీటీలు ఆ సాయంత్రమే రాసి కవర్లో వేయాలి, కెప్టెన్ తనకు తాను ఓటు వేసుకోకూడదు. ఓట్లు సమానమైతే పంచేయండి. 2003లో బ్రౌన్‌లో మెడల్‌ను ముగ్గురు పంచుకున్నారు, దాని విలువ ఏమీ తగ్గలేదు.

అపోహ: సైటేషన్ అంటే మంచి మంచి విశేషణాలు.

‘క్రమశిక్షణకు మారుపేరు, జట్టుకు వెన్నెముక, అంకితభావానికి నిలువెత్తు నిదర్శనం’. ఈ కాగితం మీద పేరు మార్చి పక్కవాడికి చదివినా తేడా తెలియదు. ఒక కీపర్‌కు నేను రాసే తీరు ఇలా ఉంటుంది:

‘ఈ సీజన్ 14 మ్యాచ్‌లకూ కీపింగ్ చేశారు. సెమీఫైనల్ చివరి ఓవర్లో ప్రత్యర్థికి ఏడు పరుగులు కావాలి. లెగ్‌సైడ్ పోయిన వైడ్ బంతిని అందుకుని, క్రీజు దాటిన బ్యాటర్‌ను స్టంప్ చేశారు. ఆ మ్యాచ్ రెండు పరుగుల తేడాతో గెలిచాం. ఆదివారం నెట్స్ అయ్యాక మన అండర్-16 కీపర్లిద్దరికీ శిక్షణ ఇస్తున్నది కూడా ఈయనే.’

ఒక అంకె, ఒక సంఘటన, మైదానం బయట ఒక పని, ఆ తర్వాత పేరు. పేరు చివర రావాలి. ముందే చెబితే చప్పట్లు, ఈలలతో మిగతాదేదీ వినబడదు. అరవై మాటలు దాటకుండా చూడండి, అది నిమిషంలోపే చదవొచ్చు. గాయాలు, ఇంటి కష్టాలు సొంతవాళ్ళు ఒప్పుకుంటే తప్ప రాయకూడదు. ‘ఫలానా వాడికంటే మెరుగ్గా’ అన్న పోలిక అసలే వద్దు. రాసింది కెప్టెన్‌కు, స్కోరర్‌కు చూపించాక, యాంకర్ చేత ఒకసారి పైకి చదివించండి. ఇంటిపేర్లు తప్పు పలికితే అక్కడే దిద్దొచ్చు.

అపోహ: చిన్నవి ముందు, పెద్దవి చివర. వరుస అంటే అంతే.

వరుసను వచ్చినవాళ్ళ వీలు కూడా నిర్ణయిస్తుంది. పిల్లల అవార్డులు మొట్టమొదట ఉండాలి, తొమ్మిదిన్నరకి వాళ్ళు కునికిపాట్లు పడతారు. తర్వాత పరుగులు, వికెట్లు. గ్రౌండ్స్‌మన్, స్కోరర్‌ల సన్మానం సరిగ్గా మధ్యలో, హాలు నిండుగా ఉన్నప్పుడు జరగాలి. వాళ్ళను చివరికి నెట్టడం నాకు నచ్చదు, అప్పటికి సగం మంది ప్లేట్ల దగ్గర ఉంటారు. ఆ తర్వాత మెరుగుపడిన ఆటగాడు, జీవన సాఫల్యం, ఆఖరున ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఓట్లు ఎవరికీ తెలియవు కాబట్టి దాని కోసం జనం కూర్చుంటారు. ఆ ట్రోఫీని జీవన సాఫల్యం అందుకున్న పెద్దాయన చేతులమీదుగా ఇప్పించండి.

పిలవడం, చదవడం, ఫోటో కలిపి ఒక్కో అవార్డుకు రెండు నిమిషాలు పడుతుంది. పన్నెండు అవార్డులకు ఇరవై నాలుగు. మైకు చివరి ఇద్దరికే ఇవ్వాలి. చీఫ్ గెస్ట్ ఎనిమిదిన్నరకి వెళ్ళిపోతారని ముందే తెలిస్తే ఆయనకు పిల్లలవి, గ్రౌండ్స్‌మన్‌ది ఇవ్వండి. ఆయన కోసం వరుస మొత్తం తలకిందులు చేయొద్దు. ట్రోఫీలు బల్ల మీద పిలిచే వరుసలోనే ఉండాలి, అడుగున నంబరు చీటీ అంటించాలి. రాలేనివాళ్ళెవరో రెండు రోజుల ముందే కనుక్కోండి. విజేత రాకపోయినా సైటేషన్ పూర్తిగా చదివి, ట్రోఫీ ఇంట్లోవాళ్ళకో కెప్టెన్‌కో ఇస్తే సరిపోతుంది.